ఫ్రిజ్ డిస్పెన్సర్‌లో నీళ్ళు సన్నగా రావడం, చుక్కలు కారడం: వాల్వ్ మార్చే ముందు ప్రెజర్ చూడండి

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, పై అంతస్తు. సైడ్ బై సైడ్ ఫ్రిజ్, గోడ పైపుకి కనెక్షన్ ఇచ్చే మోడల్. ఫిల్టర్ మార్చినప్పటి నుంచి నీళ్ళు బాగా సన్నగా వస్తున్నాయి, గ్లాసు నిండటానికి అర నిమిషం పైనే పడుతోంది. గ్లాసు తీశాక కూడా చుక్కలు పడుతూనే ఉంటాయి. కొన్ని రోజులు పొద్దున్నే అసలు రావు, మధ్యాహ్నానికి మళ్ళీ వస్తాయి. మెకానిక్ వచ్చి, ఫ్రిజ్‌లోకి నీళ్ళు వదిలే ఇన్లెట్ వాల్వ్ మార్చాలంటున్నాడు. మార్పించమంటారా?

సమాధానం:

ఇప్పుడే మార్పించకండి. వాల్వ్ పోయి ఉండొచ్చు, కాదనను. కానీ పై అంతస్తు అన్నారు కాబట్టి ముందు చూడాల్సింది వాల్వ్ కాదు, ఫ్రిజ్ వెనక్కి వచ్చే నీళ్ళకి ఎంత ప్రెజర్ ఉందన్నది. అది చూడకుండా వాల్వ్ మారిస్తే కొత్త వాల్వ్ కూడా ఇలాగే చేస్తుంది. నేను ఫ్రిజ్‌ల రిపేరు పనిలోనే ఉన్నాను. పై అంతస్తుల్లో ఇలా వాల్వ్ మీద వాల్వ్ మార్పించుకున్న ఇళ్ళు చాలా చూశాను.

లెక్క సులువు. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే నీటి ప్రెజర్ అంతా ఎత్తు మీదే ఉంటుంది. పది మీటర్ల ఎత్తుకి సుమారు ఒక బార్, అంటే 14 పీఎస్ఐ పైచిలుకు. ఇలాంటి ఫ్రిజ్‌ల మాన్యువల్‌లో కనీసం 20 పీఎస్ఐ ఉండాలని రాస్తారు, కొన్ని మోడళ్ళకి 30 లేదా 35 అంటారు; మీ మాన్యువల్‌లో అలా ఉంటే నేను 20 అన్న ప్రతిచోటా ఆ అంకె వేసుకోండి. 20 పీఎస్ఐ రావాలంటే ట్యాంకులో నీటి మట్టం ఫ్రిజ్ వెనక వాల్వ్ కంటే 14 మీటర్లు పైన ఉండాలి. మీది పై అంతస్తు కాబట్టి మీ ఫ్రిజ్‌కీ డాబా మీది ట్యాంకుకీ మధ్య మూడు, నాలుగు మీటర్లకి మించి ఉండదు. అంటే మీకు వచ్చేది నాలుగైదు పీఎస్ఐ. అదే ఫ్రిజ్‌ని మీ బిల్డింగ్‌లోనే గ్రౌండ్ ఫ్లోర్‌లో పెడితే ఎత్తు 17, 18 మీటర్లు అవుతుంది, 25 పీఎస్ఐ దాకా వస్తుంది, 20 సరిపోయే మోడలైతే ఏ గొడవా లేకుండా నడుస్తుంది. అందుకే షోరూములో డెమో చూసినప్పుడూ, కింద ఇంటివాళ్ళ దగ్గర చూసినప్పుడూ ధార బాగుంటుంది, మన ఇంటికొచ్చేసరికి సన్నబడుతుంది. మీ అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులకి విడిగా ప్రెజర్ పంపు పెట్టి ఉంటే ఈ లెక్క మారుతుంది. వాచ్‌మన్‌నో అసోసియేషన్ వాళ్ళనో అడిగితే చెబుతారు.

ప్రెజర్ తక్కువైతే ధార సన్నబడటం సరే, చుక్కలు ఎందుకు కారతాయని మీకు సందేహం రావచ్చు. అది తెలియాలంటే ఆ వాల్వ్ ఎలా మూసుకుంటుందో చూడాలి. ఫ్రిజ్ వెనక కింది భాగంలో, రేకు మూత తీస్తే, ప్లాస్టిక్ బాడీ మీద కాయిల్స్ ఉన్న చిన్న వాల్వ్ కనిపిస్తుంది. లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. మీరు డిస్పెన్సర్ నొక్కితే కాయిల్‌కి కరెంటు వెళ్ళి, పొర నడిమి చిన్న రంధ్రాన్ని మూసిన పుల్లని పైకి లాగుతుంది. ఆ రంధ్రం తెరుచుకోగానే కింది నుంచి వచ్చే నీళ్ళే పొరని పైకి ఎత్తి దారి ఇస్తాయి. వదిలేయగానే పుల్ల కిందికి దిగి రంధ్రం మూస్తుంది, పొర అంచున ఉన్న సన్నటి బెజ్జం గుండా నీళ్ళు పొర పైకి చేరి, ఆ నీటి ఒత్తిడే పొరని కిందికి నొక్కి గట్టిగా మూస్తుంది. తెరిచేదీ మూసేదీ నీటి ఒత్తిడే, కరెంటు దానికి దారి చూపిస్తుందంతే. నాలుగు పీఎస్ఐతో పొర సరిగ్గా కూర్చోదు. అంచు దగ్గర తడి చారంత సందు మిగిలి, అందులోంచి నీరు మెల్లగా ముందుకి జారుతూ ఉంటుంది. వాల్వ్ మంచిదే అయినా కారుతుంది.

మీ ఐస్ మేకర్‌ని కూడా ఒకసారి చూడండి. దాంట్లోకి నీళ్ళు లెక్కగా కొన్ని సెకన్లే వదులుతారు. ప్రెజర్ లేకపోతే ఆ కొద్ది సెకన్లలో ట్రే నిండదు. ముక్కలు చిన్నవిగా, పలచగా, మధ్యలో గుల్లగా వస్తుంటే అది తక్కువ ప్రెజర్‌కి నమ్మదగిన గుర్తు. మెకానిక్‌కి ఫోన్ చేసేముందే ఇంట్లో చూసుకోవచ్చు.

ఇక కొలవడం. మీ ఇంటి ఆర్‌ఓ మెషిన్ సర్వీస్‌కి వచ్చే అబ్బాయిని పిలవండి. ఫ్రిజ్‌కి వాడేది ఆర్‌ఓకి వాడే లాంటి పావు అంగుళం గొట్టమే. అతని సంచిలో సాధారణంగా ప్రెజర్ గేజ్ ఉంటుంది. ఫ్రిజ్ వెనక గొట్టం విప్పి, దానికి గేజ్ బిగించి, గొట్టానికి నీళ్ళు వదిలే గోడ కుళాయిని, అంటే యాంగిల్ కాక్‌ని, పూర్తిగా తెరిచి చూడమనండి. అయిదు నిమిషాల పని. గేజ్ దొరక్కపోతే ఇంకో పద్ధతి ఉంది. ఫ్రిజ్ వెనక గొట్టం చుట్టలు చుట్టి కొంచెం ఎక్కువే వదిలి ఉంటారు. దాని చివర విప్పి ముందు నేల మీది బకెట్‌లో పెట్టి ధార చూడండి. తర్వాత ఆ చివరను మెల్లగా పైకి ఎత్తుతూ పోండి. పైకప్పు దగ్గరికి వచ్చేసరికి ధార బాగా సన్నబడినా, ఆగిపోయినా, మీ నీళ్ళకి ఉన్న బలం ఆ ఎత్తుకి సరిపోయేంతే అని అర్థం. అంటే నాలుగు పీఎస్ఐ అటూ ఇటూ. ఆ బలంతో ఏ కంపెనీ వాల్వూ సరిగ్గా పనిచేయదు. పని మొదలుపెట్టే ముందు ఫ్రిజ్ ప్లగ్ తీసేయండి. గొట్టం ఊడదీసేటప్పుడు కాక్ కట్టేసి, గొట్టం దూరే చోట చుట్టూ ఉన్న కాలర్‌ని లోపలికి నొక్కి పట్టుకుని గొట్టం లాగాలి. ఊరికే లాగితే ఫిట్టింగ్ పాడవుతుంది.

ఫ్రిజ్‌కి నీళ్ళు ఆర్‌ఓ మెషిన్ నుంచి ఇస్తున్నారా, నేరుగా కుళాయి లైను నుంచా అన్నది మీరు రాయలేదు. గోడకి తగిలించే మామూలు ఆర్‌ఓ ట్యాంకు నుంచి ఇచ్చి ఉంటే పరిస్థితి ఇంకా కష్టం. ఆ మెషిన్‌లో పంపు ఉంటుంది కానీ అది మెంబ్రేన్‌లోకి తోయడానికి. శుద్ధి అయిన నీళ్ళు ట్యాంకులోకి చుక్కచుక్కగా చేరి, అక్కడి నుంచి తమ బరువుతోనే కుళాయికి వస్తాయి. ఆ ట్యాంకు ఫ్రిజ్ వాల్వ్ కంటే మీటరు, మీటరున్నర ఎత్తులో ఉంటుంది. ఒకటి రెండు పీఎస్ఐ మాత్రమే. సింకు కింద పెట్టే ప్రెజర్ ట్యాంకు ఉన్న ఆర్‌ఓ అయితే కొంత నయం, కానీ అందులోనూ ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ప్రెజర్ పడిపోతుంది. బంధువులొచ్చిన రోజు వరసగా పది గ్లాసులు పట్టాక ధార సన్నబడటం అందుకే.

గేజ్ 20 లోపు చూపిస్తే మందు ఒకటే: ఫ్రిజ్ లైనులో చిన్న డయాఫ్రం బూస్టర్ పంపు, దానికి ప్రెజర్ స్విచ్. స్విచ్ తప్పనిసరిగా ఉండాలి. మీరు డిస్పెన్సర్ నొక్కితే లైనులో ప్రెజర్ పడి పంపు మొదలవుతుంది, వదిలితే ప్రెజర్ పెరిగి ఆగుతుంది. ఆగే ప్రెజర్ 40, 50 పీఎస్ఐ మధ్య ఉంటే చాలు. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే లాభం లేదు, పాత జాయింట్లు కారడం మొదలవుతుంది. పంపుకీ ఫ్రిజ్‌కీ మధ్య చిన్న ప్రెజర్ ట్యాంకు కూడా పెడితే పంపు మాటిమాటికీ టకటకమని ఆన్ ఆఫ్ అవ్వదు. పంపు ఓవర్‌హెడ్ ట్యాంకు లైను నుంచి లాగాలి, లేదా ఆర్‌ఓ ట్యాంకు నుంచి. బోర్డు వాళ్ళ లైనుకి నేరుగా బిగించకండి. బిగించిన మొదటి రోజు ప్రతి జాయింటునీ పొడి టిష్యూతో తుడిచి చూడండి, ఇన్నాళ్ళూ నాలుగు పీఎస్ఐకి కారని జాయింటు 40కి కారొచ్చు. ఊరెళ్ళేటప్పుడు యాంగిల్ కాక్ కట్టేసి, పంపు ప్లగ్ తీసేసి వెళ్ళండి.

ఆర్‌ఓ నీళ్ళే ఇస్తుంటే ఫ్రిజ్ లోపలి ఫిల్టర్ అవసరం లేదు. అది తీసేసి మీ మోడల్‌కి వచ్చే బైపాస్ ప్లగ్ పెట్టుకోవచ్చు. శుద్ధి అయిన నీళ్ళని మళ్ళీ వడకట్టి, ఉన్న కాస్త ప్రెజర్‌నీ పోగొట్టుకోవడం ఎందుకు?

ఇప్పుడు ఫిల్టర్ సంగతి. మార్చినప్పటి నుంచే మొదలైందన్నారు, అందులో నిజం ఉంది. కొత్త ఫిల్టర్ పొడిగా, లోపల గాలితో వస్తుంది. మంచి ప్రెజర్ ఉన్న ఇంట్లో ఆ గాలి మొదటి కొన్ని లీటర్లతో బయటికి పోతుంది. మీ దగ్గర నీళ్ళకి ఆ బలం లేదు, గాలి ఫిల్టర్‌లోనూ, ఫ్రిజ్ లోపల నీళ్ళు చల్లబడే ట్యాంకులోనూ మిగిలిపోయింది. ముందే బొటాబొటిగా ఉన్న ధారకి ఇది తోడైంది. ఫిల్టర్‌ని చివరిదాకా తిప్పి లాక్ చేశారా, మూతి మీద ప్యాకింగ్ సీలు ఏదైనా మిగిలిపోయిందా అన్నది కూడా చూడండి. సగం తిరిగిన ఫిల్టర్ దారి సగమే తెరుస్తుంది. తేల్చుకోవడానికి ఫిల్టర్ తీసి బైపాస్ ప్లగ్ పెట్టి ఒక గ్లాసు పట్టండి. ధార ఒక్కసారిగా బాగుపడితే లోపం ఫిల్టర్‌లోనే. కాస్తే మారితే ప్రెజర్ దగ్గరికే మళ్ళీ రావాలి. పావు లీటరు గ్లాసు ఎనిమిది సెకన్లలోపు నిండితే మంచి ధార అని నేను లెక్క వేసుకుంటాను. మీ అర నిమిషం అందుకు చాలా దూరం.

ఈ గాలి వల్ల కూడా చుక్కలు పడతాయి, అందుకే మెకానిక్‌లు సైతం తికమకపడతారు. కూరగాయల డ్రాయర్ వెనకాల ఒక ప్లాస్టిక్ ట్యాంకో, చుట్టలు చుట్టిన గొట్టమో ఉంటుంది, లీటరు అటూ ఇటూ పడుతుంది. డిస్పెన్సర్‌లో వచ్చే చల్లటి నీళ్ళు అక్కడ చల్లబడ్డవే. అందులో గాలి ఉంటే, నీళ్ళు పట్టేటప్పుడు ఆ గాలి నొక్కుకుపోతుంది. వాల్వ్ మూశాక అది మళ్ళీ విప్పారి, ముందున్న నీళ్ళని కొంచెం కొంచెంగా బయటికి తోస్తుంది. ఆ చుక్కలు కాసేపు పడి వాటంతటవే ఆగిపోతాయి. గాలి తీయడానికి పెద్ద గిన్నె పెట్టి అయిదు సెకన్లు నొక్కడం, అయిదు సెకన్లు ఆపడం, ఇలా పది లీటర్ల దాకా పట్టండి. మధ్యలో బుసబుసమని గాలి వస్తుంది, అది మంచిదే. పంపు బిగించుకునేట్టయితే బిగించిన తర్వాతే ఈ పని చేయండి, లేకపోతే గాలి మళ్ళీ మిగిలిపోతుంది. ఆ నీళ్ళు మొక్కలకి పోసుకోవచ్చు.

గాలి వల్ల పడే చుక్కలకీ, వాల్వ్ కారుడుకీ తేడా ఇలా పట్టుకోవచ్చు. రాత్రి పడుకునే ముందు డిస్పెన్సర్ కింద పొడి స్టీలు గిన్నె పెట్టండి. తర్వాత ఎవరూ నీళ్ళు పట్టకూడదు. పొద్దున లేచేసరికి గిన్నెలో అయిదారు చుక్కలుంటే గాలి. అడుగు నిండా నీళ్ళుంటే వాల్వ్ దాటి నీరు జారుతోంది. మర్నాడు రాత్రి అదే గిన్నె పెట్టి, ఈసారి ఫ్రిజ్ వెనక యాంగిల్ కాక్ కట్టేయండి. కాక్ కట్టాక చుక్కలు ఆగిపోతే వాల్వే అని ఖాయం. ఈ పరీక్షని ప్రెజర్ సరిచేశాక మళ్ళీ ఒకసారి చేయాలి. 40 పీఎస్ఐ ఇచ్చాక కూడా కాక్ తెరిచిన రాత్రి గిన్నె నిండితే, అప్పుడు వాల్వ్ మార్పించండి. పొర కింద ఇసుక రేణువో, బోరు నీళ్ళ ఉప్పు పేరుకున్న తెల్ల పెచ్చో పట్టుకుని ఉంటుంది. వాల్వ్ మూతిలో సన్నటి జల్లెడ ఉంటుంది, దాన్ని ముందు విప్పి కడిగి చూడమనండి. బోరు నీళ్ళ ఇళ్ళలో అది తెల్లగా పూడుకుపోయి ధార తగ్గడం చాలా మామూలు. ఫ్రిజ్ ఫిల్టర్ ఆ ఉప్పుని ఆపలేదు, పైగా ఈ జల్లెడ దారిలో ఫిల్టర్ కంటే ముందే ఉండే మోడళ్ళున్నాయి.

పొద్దున్నే రాకపోవడం మాత్రం వేరే సంగతి, దాన్ని విడిగా చూడాలి. అది గడ్డకట్టడం. సైడ్ బై సైడ్ ఫ్రిజ్‌లో డిస్పెన్సర్ ఫ్రీజర్ తలుపులో ఉంటుంది. చల్లటి ట్యాంకు నుంచి గొట్టం తలుపు కింది బందు గుండా లోపలికి దూరి, ఫోము మధ్యలోంచి పైకి ఎక్కుతుంది. ఒక పక్కన సున్నాకి 18 డిగ్రీలు కింద ఉన్న ఫ్రీజర్, ఇంకో పక్కన మీ వంటిల్లు, మధ్యలో ఆ సన్న గొట్టం. పగలు ఎవరో ఒకరు నీళ్ళు పడుతూనే ఉంటారు కాబట్టి నీరు కదులుతుంది. రాత్రంతా ఏడెనిమిది గంటలు నిలబడితే, ఫోములో సన్నటి ఖాళీ ఉన్న చోటో, మూతి దగ్గరో గడ్డకడుతుంది. పొద్దున తలుపు పదిసార్లు తెరిచాక వెచ్చబడి కరిగి, మధ్యాహ్నానికి వస్తుంది. మీరు చెప్పిన వరస సరిగ్గా ఇదే. మీ వాల్వ్ నుంచి రాత్రంతా మెల్లగా జారే నీరు మూతి దగ్గర చుక్కచుక్కగా ఆగి పేరుకోవడం దీనికి సాయం చేస్తోందని కూడా నా అనుమానం. పంపు పెట్టాక, కారుడు ఆగాక, ఈ గడ్డకట్టడం కూడా తగ్గితే ఆశ్చర్యపోను.

గడ్డకట్టింది తలుపు గొట్టంలోనా, లోపలి ట్యాంకులోనా అన్నది తేల్చడం కష్టం కాదు. నీళ్ళు రాని పొద్దున ఐస్ మేకర్‌కి నీళ్ళు వెళ్తున్నాయేమో చూడండి. వెళ్తుంటే సరఫరా, ఫిల్టర్ బాగున్నట్టే, అడ్డం డిస్పెన్సర్ దారిలోనే ఉంది. ఫ్రిజ్ ముందు కింది జాలీ తీస్తే తలుపు బందు దగ్గర గొట్టం జాయింటు కనిపిస్తుంది. దాన్ని ఊడదీసి కింద గిన్నె పెట్టి, ఇంకొకరిని డిస్పెన్సర్ నొక్కమనండి. గిన్నెలోకి నీళ్ళు బాగా వస్తే గడ్డ తలుపులో ఉంది. ఇక్కడే రాకపోతే ట్యాంకులో. తలుపు మూసుంటేనే డిస్పెన్సర్ పనిచేసే మోడళ్ళే ఎక్కువ, అది మరిచిపోకండి.

తలుపులో అయితే ఫ్రీజర్ సామాను ఐస్ బాక్సులోకి మార్చి, ప్లగ్ తీసి, తలుపు రెండు మూడు గంటలు తెరిచి వదిలేయండి. కరిగిపోతుంది. తొందరైతే ఊడదీసిన గొట్టంలోకి సూది లేని సిరంజితో గోరువెచ్చటి నీళ్ళు కింది నుంచి ఎక్కించవచ్చు. మరిగే నీళ్ళు వద్దు. మూతిలోకి తీగ గుచ్చవద్దు, గొట్టం చిల్లు పడితే ఫోము లోపల కారి తలుపే పోతుంది. హెయిర్ డ్రయ్యర్ వాడితే తక్కువ వేడి మీద, కదుపుతూ వాడండి, ఒకేచోట పట్టుకుంటే లోపలి ప్లాస్టిక్ వంకరపోతుంది.

కరిగించాక ఫ్రీజర్ సెట్టింగ్ చూడండి. ఎండాకాలంలో మైనస్ 22, 24 పెట్టేసి మరిచిపోయిన ఇళ్ళు చాలా ఉంటాయి. మైనస్ 18 చాలు. ఐస్ పడే గొట్టం చివర చిన్న రెక్క తలుపు ఉంటుంది, దాని అంచుకి ఐస్ ముక్క ఇరుక్కుని సరిగ్గా మూసుకోకపోతే బయటి తేమ లోపలికి పోయి మంచు పేరుతుంది, మూతి ప్రాంతమంతా చల్లబడుతుంది. చేత్తో నొక్కి చూడండి. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు నీళ్ళు పట్టడం కూడా కొంత పనిచేస్తుంది, ట్యాంకు నుంచి వచ్చే నీరు గొట్టంలో ఉన్న దాని కంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి. ఇవన్నీ చేసినా ప్రతి పొద్దునా గడ్డకడుతుంటే తలుపు ఫోములో లోపం ఉన్నట్టు. కొన్ని మోడళ్ళకి ఆ గొట్టం పక్కన పెట్టే చిన్న హీటర్ స్పేరు పార్టుగా దొరుకుతుంది, లేదంటే తలుపు మార్చాలి. వారంటీలో ఉంటే తలుపు కోసమే పట్టుబట్టండి.

ట్యాంకు గడ్డకట్టడం అరుదు, కానీ అదే ఎక్కువ నష్టం. గుర్తు ఏంటంటే, కింది డ్రాయర్‌లో కొత్తిమీర, టమాటాలు వెనక వైపు గడ్డకట్టి నల్లబడుతుంటాయి. ఫ్రీజర్ నుంచి చల్లగాలి వదిలే లోపలి చిన్న రెక్క తలుపు తెరుచుకుని ఇరుక్కుపోవడమో, ఫ్రిజ్ సెట్టింగ్ ఒకటి రెండు డిగ్రీల మీద పెట్టడమో కారణం. గడ్డకట్టిన ట్యాంకు పగులుతుంది, గడ్డగా ఉన్నంతసేపూ తెలియదు. కరగగానే డ్రాయర్ల కింద నీళ్ళు నిలుస్తాయి. డ్రాయర్ కింద నీళ్ళు కనిపిస్తే ఆ క్షణమే యాంగిల్ కాక్ కట్టేసి, అప్పుడు మెకానిక్‌ని పిలవండి. మూడు, నాలుగు డిగ్రీల మీద పెట్టుకుంటే ఈ భయం లేదు.

మీ విషయంలో వరస ఇది: ముందు గేజ్, 20 లోపు వస్తే పంపు, ఆ తర్వాత గాలి తీయడం, తర్వాత రాత్రి గిన్నె పరీక్ష. గేజ్ 20 పైన చూపిస్తే పంపు మాట వదిలేసి ఫిల్టర్, జల్లెడ, గిన్నె పరీక్షలతో మొదలుపెట్టండి. మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు, "వాల్వ్ మార్చే ముందు లైన్ ప్రెజర్ ఎంతుందో కొలిచి చెప్పండి" అనండి. కొలవడానికి ఒప్పుకోకపోతే ఇంకొకరిని పిలవండి. గేజ్ రీడింగూ, ఫ్రిజ్‌కి నీళ్ళు ఎక్కడి నుంచి ఇచ్చారన్నదీ ఇక్కడ రాస్తే, ఎంత పంపు సరిపోతుందో చెబుతాను.